చిన్న గూడ్స్ బండికి పర్మిట్ కావాలా? ఆర్సీలోని 3,000 కిలోల గీత చెప్పే సంగతి

చిన్న గూడ్స్ బండి కొనేవాళ్లు షోరూంలో మొదట అడిగేది డౌన్ పేమెంట్ ఎంత, నెలకు కిస్తు ఎంత అని. పర్మిట్ సంగతి అడిగితే సేల్స్‌మన్ ‘చిన్న బండికి పర్మిట్ అక్కర్లేదు’ అంటాడు. ఆ మాట కొన్ని బండ్లకు నిజం, కొన్నింటికి కాదు. రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆర్సీలోనే రాసి ఉంటుంది. ఆ అంకె చూడకుండా బండి రోడ్డెక్కిస్తే, ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్స్ ఉన్నా లేనట్టే అవుతుంది.

1988 మోటారు వాహనాల చట్టంలో 66వ సెక్షన్ ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ వాహనాన్ని పర్మిట్ లేకుండా పబ్లిక్ రోడ్డు మీద నడపకూడదు. అదే సెక్షన్‌లో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రాస్ వెహికల్ వెయిట్ 3,000 కిలోలకు మించని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు అన్నది అందులో ఒకటి. గ్రాస్ వెహికల్ వెయిట్ అంటే ఖాళీ బండి బరువు, దాని మీద వేయడానికి అనుమతి ఉన్న లోడు, రెండూ కలిపిన బరువు. లోడు ఒక్కదాన్నే చూసి ‘నా బండి టన్నున్నరదే కదా’ అనుకుంటే లెక్క తప్పుతుంది.

ఉదాహరణకు ఒక బండి ఖాళీ బరువు 865 కిలోలు, లోడు 750 కిలోలు అనుకుందాం. మొత్తం 1,615. ఇది గీతకు లోపలే ఉంది, పర్మిట్ అక్కర్లేదు. ఇంకో పికప్ ఖాళీ బరువు 1,790, లోడు 1,700. మొత్తం 3,490. చూడటానికి ఇదీ చిన్న బండే, నడిపేదీ అదే డ్రైవరే. కానీ దీనికి పర్మిట్ తప్పనిసరి. ఒకే పేరుతో అమ్మే పికప్‌లలో కూడా కొన్ని మోడళ్లు 3,000 లోపు, కొన్ని పైన ఉంటాయి. అందుకే పేరు చూసి కాకుండా, కొనేముందు కొటేషన్‌లో, కొన్నాక ఆర్సీలో అంకె చూసుకోవాలి.

ముందు రిజిస్ట్రేషన్

పర్మిట్ అక్కర్లేని బండికైనా రిజిస్ట్రేషన్ ట్రాన్స్‌పోర్ట్ కిందే జరగాలి. ‘నా కిరాణా దుకాణం సరుకే తెచ్చుకుంటాను, కిరాయికి తిప్పను, తెల్ల బోర్డు చాలదా?’ అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. చాలదు. సరుకు మోయడానికి తయారైన బండి చట్టం దృష్టిలో గూడ్స్ క్యారేజే. అందులో ఉన్న సరుకు సొంతదా, కిరాయిదా అన్నదానితో పని లేదు. పసుపు పలక మీద నల్ల అక్షరాలే రావాలి. బ్యాటరీ బండి అయితే ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు వస్తాయి. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్ల నంబరు ‘టీజీ’తో మొదలవుతోంది. పాత ‘టీఎస్’ నంబర్లు మార్చుకోవాల్సిన పని లేదు.

కాగితాల్లో ముఖ్యమైనవి కొన్నే. రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20. డీలర్ ఇచ్చే సేల్ సర్టిఫికెట్ ఫారం 21. బండి నిబంధనల ప్రకారం తయారైందని కంపెనీ ఇచ్చే పత్రం ఫారం 22. వీటికి తోడు ఇన్సూరెన్స్, చిరునామా రుజువు, పాన్ కావాలి. ఫైనాన్స్ మీద తీసుకుంటే ఫైనాన్స్ కంపెనీ సంతకం ఉన్న పత్రమూ ఉండాలి. ఇవన్నీ డీలరే పెడతాడు. యజమాని చూసుకోవాల్సింది ఒక్కటే. ఆధార్‌లో, పాన్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉందా? ఒకచోట ‘మొహమ్మద్’, ఇంకోచోట ‘ఎండీ’, మరోచోట ‘మహ్మద్’ అని ఉంటే ఆ రోజు ఎవరూ పట్టించుకోకపోవచ్చు. ఐదేళ్ల తర్వాత కిస్తులు తీరి, ఆర్సీ నుంచి ఫైనాన్స్ పేరు తీసేయించుకోవడానికి వెళ్లినప్పుడు మాత్రం అదే పెద్ద అడ్డం అవుతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో సహా రిజిస్ట్రేషన్‌కు ముందే సరిచూసుకోవడం మేలు.

దరఖాస్తులో నామినీ పేరు రాసే వీలు కూడా 2021 నుంచి ఉంది. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. దాని అవసరం ఏమిటో చివర్లో కనిపిస్తుంది.

ట్రాన్స్‌పోర్ట్ బండికి ఆర్సీతో పాటు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా బతికి ఉండాలి. ఫిట్‌నెస్ గడువు దాటితే రిజిస్ట్రేషనే చెల్లనట్టు లెక్క అని 56వ సెక్షన్ చెబుతుంది. కొత్త బండికి రెండేళ్లు ఇస్తారు. బండి వయసు ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా చేయించాలి. గడువు దాటితే కేంద్ర నిబంధనల ప్రకారం రోజుకు 50 రూపాయల అదనపు ఫీజు పడుతుంది. నాలుగు నెలలు మర్చిపోతే 120 రోజులు, అంటే 6,000 రూపాయలు. అసలు ఫీజు దీనికి వేరు.

పర్మిట్ ఎవరికి, ఏ రూటుకు

జహీరాబాద్ దగ్గర అల్లం, ఆలుగడ్డ మోసే ఒక బండి యజమానిని ఉదాహరణగా తీసుకుందాం. అతని మొదటి బండి 1,615 కిలోలది. ఆరేళ్లు నడిపాడు, పర్మిట్ ఎవరూ అడగలేదు. పని పెరిగాక దాన్ని అమ్మి 3,490 కిలోల పికప్ తీసుకున్నాడు. అతని రూట్లు రెండు. ఒకటి జాతీయ రహదారి 65 మీదుగా సంగారెడ్డి, అక్కడి నుంచి హైదరాబాద్. రెండోది బీదర్. బీదర్ దగ్గరే కాని కర్ణాటకలో ఉంది. ఇంట్లో అన్న అడిగితే ‘భాయ్, పాత బండికి ఎవరూ అడగలేదు కదా, దీనికి మాత్రం ఎందుకు?’ అన్నాడు. అతను మార్చింది బండిని మాత్రమే కాదు, చట్టం గీతకు ఇటు నుంచి అటు వెళ్లాడు. ఆ సంగతి అతనికి తట్టలేదు.

కొత్త బండికి మొదట కావాల్సింది తెలంగాణలో తిరగడానికి గూడ్స్ క్యారేజ్ పర్మిట్. దరఖాస్తు బండి ఉన్న జిల్లా రవాణా కార్యాలయానికి వెళుతుంది. అతనిది సంగారెడ్డి జిల్లా. 77వ సెక్షన్ ప్రకారం దరఖాస్తులో ఏ ప్రాంతంలో లేదా ఏ రూట్లలో బండి తిప్పుతారు, బండి రకం ఏమిటి, ఎంత బరువు మోస్తుంది, ఎలాంటి సరుకు వేస్తారు, బండిని ఎక్కడ నిలుపుతారు, రిపేర్లు ఎక్కడ చేయిస్తారు అన్నవి చెప్పాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇప్పుడు వెళ్లే ఒక్క రూటే రాస్తారు. రేపు నిజామాబాద్‌కో వరంగల్‌కో లోడు దొరికితే అది పర్మిట్‌లో లేని చోటు అవుతుంది. రూటు రాయకుండా రాష్ట్రం మొత్తాన్ని ప్రాంతంగా అడగడం తెలివైన పని. పర్మిట్ చేతికి వచ్చాక అందులో ఏ ప్రాంతం రాశారో చదువుకోవాలి. అడిగింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి అయితే అప్పుడే చెప్పాలి.

దరఖాస్తుతో ఆర్సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, పన్ను కట్టిన రసీదు చూపించాలి. వీటిలో ఏ ఒక్కదాని గడువు దాటినా దరఖాస్తు అక్కడే ఆగుతుంది. పర్మిట్ ఐదేళ్లు నడుస్తుంది. గడువు తీరడానికి కనీసం 15 రోజుల ముందే రెన్యువల్‌కు పెట్టుకోవాలని 81వ సెక్షన్ అంటుంది.

సరుకు దించేసి ఖాళీగా వస్తున్నాం కాబట్టి పర్మిట్ అక్కర్లేదు అనే వాదన చెల్లదు. బండిలో సరుకు ఉన్నా లేకపోయినా పర్మిట్ ఉండాలని 66వ సెక్షన్‌లోనే రాసి ఉంది.

ఇక బీదర్. తెలంగాణ పర్మిట్ తెలంగాణ సరిహద్దు దాకానే. అవతల తిరగాలంటే మూడు దారులు ఉన్నాయి. ఒకటి, అక్కడి అధికారులతో పర్మిట్ మీద కౌంటర్ సిగ్నేచర్ చేయించుకోవడం. రెండు, అప్పుడప్పుడు వెళ్లేవాళ్లయితే తాత్కాలిక పర్మిట్. ఇది ఎప్పుడైనా నాలుగు నెలలకు మించదు. మూడు, నేషనల్ పర్మిట్. దీనికి కేంద్ర నిబంధనల్లో కన్సాలిడేటెడ్ ఫీజు ఏడాదికి 16,500, సొంత రాష్ట్రం ఇచ్చే ఆథరైజేషన్ ఫీజు 1,000, మొత్తం 17,500 రూపాయలు. పర్మిట్ ఐదేళ్లదైనా ఈ ఆథరైజేషన్ ఏటా తీసుకోవాలి.

ఏది లాభమో ట్రిప్పులు లెక్కపెడితే తెలుస్తుంది. జహీరాబాద్ బండి నెలకు రెండుసార్లే బీదర్ వెళితే ఏడాదికి 24 ట్రిప్పులు. 17,500ను 24తో భాగిస్తే ట్రిప్పుకు 729 రూపాయలు పర్మిట్‌కే పోతుంది. ఇంత దగ్గరి కిరాయిలో అది బరువే. అదే నెలకు పదిసార్లు వెళితే ట్రిప్పుకు 146 దాకా పడుతుంది. మొదటి లెక్కకు తాత్కాలిక పర్మిట్, రెండో లెక్కకు నేషనల్ పర్మిట్ సరిపోతాయి.

నేషనల్ పర్మిట్ తీసుకున్నాక కూడా ఒక హద్దు ఉంది. జహీరాబాద్‌లో ఎత్తి బీదర్‌లో దించవచ్చు, బీదర్‌లో ఎత్తి జహీరాబాద్‌లో దించవచ్చు. బీదర్‌లో ఎత్తి హుమ్నాబాద్‌లో దించకూడదు. రెండూ కర్ణాటకలోనివే, అది అక్కడి బండ్ల పని. తిరుగు ప్రయాణంలో దొరికిందని ఇలాంటి లోడు ఎక్కించుకుని పట్టుబడేవాళ్లు ఎక్కువ. పాత బండి కొని నేషనల్ పర్మిట్ తీసుకుందామనుకునేవాళ్లు వయసు కూడా చూడాలి. మల్టీ యాక్సిల్ కాని బండికి 12 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు.

మరి పాత 1,615 కిలోల బండి బీదర్ వెళ్లినప్పుడు? పర్మిట్ మినహాయింపు కేంద్ర చట్టంలో ఉంది కాబట్టి అది సరిహద్దు దాటినా ఉంటుంది. కానీ పన్ను వేరు సంగతి. పర్మిట్ అక్కర్లేదంటే పక్క రాష్ట్రం పన్ను కూడా అక్కర్లేదని అర్థం కాదు. కర్ణాటక అయినా, మహారాష్ట్ర అయినా, ఆంధ్రప్రదేశ్ అయినా బయలుదేరే ముందు పరివాహన్ పోర్టల్‌లో బండి నంబరు కొట్టి చూసుకుని, పన్ను ఉంటే కట్టి రసీదు ఫోన్‌లో ఉంచుకోవడం మంచిది. బ్యాటరీ గూడ్స్ బండ్లకు బరువుతో సంబంధం లేకుండా పర్మిట్ అవసరం లేదని కేంద్రం 2018 అక్టోబర్‌లో ప్రకటించింది.

పర్మిట్ లేకపోతే పోయేది ఎంత

పర్మిట్ లేకుండా నడిపితే 192ఏ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా ఉంది, ఆరు నెలల దాకా జైలుకు కూడా వీలుంది. కానీ కుటుంబాన్ని ముంచేది ఆ జరిమానా కాదు.

2018 మే నెలలో అమృత్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుంచుకోదగ్గది. ట్రక్కు ఢీకొని ఒక వ్యక్తి చనిపోయాడు. ట్రక్కుకు ఇన్సూరెన్స్ ఉంది, పర్మిట్ లేదు. పర్మిట్ లేకుండా పబ్లిక్ రోడ్డు మీద నడపడం పాలసీ షరతును మౌలికంగా ఉల్లంఘించడమే అని కోర్టు చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీ బాధిత కుటుంబానికి ముందు డబ్బు ఇవ్వాలి, తర్వాత ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవచ్చు అన్న కింది కోర్టుల ఆదేశాన్ని నిలబెట్టింది. అంటే చనిపోయినవాళ్ల కుటుంబానికి డబ్బు అందుతుంది, కానీ ఆ లక్షలు చివరికి బండి యజమాని ఇంటి నుంచే పోతాయి. జహీరాబాద్ యజమాని ‘పాత బండికి అడగలేదు’ అన్నదానికి అసలు ఖరీదు అది.

ఇలాంటిదే ఇంకోటి. పెళ్లికో, ఉర్సుకో ఇంటిల్లిపాదినీ వెనక డాలాలో ఎక్కించుకుని వెళ్లడం మన దగ్గర మామూలు. గూడ్స్ బండిలో కిరాయికో ఊరికేనో ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్స్ కంపెనీ పూచీ ఉండదని 2002లోనే ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఓవర్‌లోడ్‌కు 194వ సెక్షన్ కింద 20,000 జరిమానా, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. అదనపు సరుకు అక్కడే దించాలి కూడా. 750 కిలోల బండి మీద టన్నుంబావు అల్లం వేసే అలవాటు ఉన్నవాళ్లు ఒక్క కాటాతో నెల కిరాయి పోగొట్టుకుంటారు.

లైసెన్స్ విషయంలో మాత్రం కొంత ఊరట ఉంది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపడానికి లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ చాలని చెప్పింది. పైన చెప్పిన రెండు బండ్లూ ఆ లోపే.

ఏటా కట్టాల్సినవి

మోటారు వాహన పన్ను రాష్ట్రానిది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ దాని మూలం 1963 నాటి పన్ను చట్టమే. పన్ను రెండు రూపాల్లో ఉంటుంది. రిజిస్ట్రేషన్ రోజునే ఒకేసారి కట్టే లైఫ్ టాక్స్ ఒకటి, మూడు నెలలకోసారి కట్టే క్వార్టర్లీ టాక్స్ ఇంకోటి. మీ బండికి ఏది పడిందో మొదటి రసీదే చెబుతుంది. అందులో లైఫ్ టాక్స్ అని ఉంటే ఆ సంగతి ముగిసింది. ‘ఈ తేదీ వరకు’ అని ఉంటే క్వార్టర్లీ. ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరి ఒకటో తేదీల నుంచి కొత్త క్వార్టర్ మొదలవుతుంది. మర్చిపోతే పన్ను మీద పెనాల్టీ కలుస్తుంది. రోడ్డు మీద పట్టుబడ్డాక కట్టేది, తానుగా వెళ్లి కట్టేదానికంటే చాలా ఎక్కువ.

బండి ఇంటి ముందు ఆగి ఉన్నా క్వార్టర్లీ టాక్స్ ఆగదు. ఇది చాలామందికి తెలియని విషయం. పన్ను నిబంధనల్లో 12ఏ ప్రకారం, బండి వచ్చే క్వార్టర్‌లో తిరగదని ఆ క్వార్టర్ మొదలు కాకముందే రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే అది వాడకంలో ఉన్నట్టే లెక్క. నవంబర్‌లో ఇంజన్ పోయిందనుకుందాం. డిసెంబర్ దాకా పన్ను కట్టేసి ఉంది. జనవరిలోనూ బండి లేవదని తెలిస్తే, డిసెంబర్ 31 లోపు రవాణా కార్యాలయంలో స్టాపేజ్ రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఫిబ్రవరిలో వెళ్లి ‘బండి షెడ్డులో ఉంది సార్, మెకానిక్‌ను అడగండి’ అంటే ఆ క్వార్టర్ పన్ను తప్పదు. స్టాపేజ్ ఇచ్చాక మళ్లీ పన్ను కట్టకుండా రోడ్డెక్కితే మాత్రం ఉన్న వెసులుబాటూ పోతుంది. బండి పాతబడ్డాక గ్రీన్ టాక్స్ కూడా కలుస్తుంది.

పన్ను కంటే పెద్ద ఖర్చు ఇన్సూరెన్స్. 7,500 కిలోల లోపు కిరాయి గూడ్స్ బండికి థర్డ్ పార్టీ మూల ప్రీమియం 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో 16,049 రూపాయలు. జీఎస్టీ, సొంత బండి నష్టానికి కట్టేది దీనికి అదనం. పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్త బండికి మొదటి ఏడాది అక్కర్లేదు, తర్వాత బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాదికోసారి.

ఆదాయపు పన్ను గురించి చిన్న బండ్లవాళ్లు ఆలోచించరు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పది బండ్ల లోపు ఉన్న యజమాని ఖాతా పుస్తకాలు రాయకుండానే, 12,000 కిలోలు మించని ఒక్కో బండికి నెలకు 7,500 ఆదాయం చూపించవచ్చు. ఏడాదికి 90,000. నెల మధ్యలో కొన్నా ఆ నెల మొత్తం లెక్కే. మిగిలింది అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి. ఒక్క బండి మీద వేరే ఆదాయం లేకపోతే కట్టే పన్ను ఏమీ ఉండదు. కానీ ఆ రిటర్న్ కాగితమే రెండో బండికి లోను అడిగినప్పుడు పనికొస్తుంది.

బండి చేతులు మారితే

బండి అమ్మినా పర్మిట్ దానంతటదే కొన్నవాడికి వెళ్లదు. ఆర్సీ పేరు మార్పు ఒకటి, పర్మిట్ బదిలీకి అనుమతి ఇంకోటి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చేసి ఊరుకోవద్దు. రికార్డులో ఎవరి పేరు ఉంటే వాళ్లే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో బండి పలు చేతులు మారినా ప్రమాదం భారం రిజిస్టర్డ్ యజమాని మీదే పడింది. జహీరాబాద్ యజమాని అమ్మేసిన పాత బండి కూడా పేరు మారేదాకా అతనిదే.

యజమాని చనిపోతే ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి రెండు గడువులు. 30 రోజుల్లోపు రవాణా కార్యాలయానికి ఆ సంగతి, బండి ఎవరు నడిపిస్తారో తెలపాలి. అలా తెలిపితే మూడు నెలల దాకా పాత పర్మిట్ మీదే బండి తిప్పుకోవచ్చు. ఆ మూడు నెలల్లోపే ఆర్సీ మార్పుకు ఫారం 31, పర్మిట్ మార్పుకు దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం అడుగుతారు. వారసుల్లో భార్య, కొడుకులే కాదు, కూతుళ్లూ, బతికి ఉంటే తల్లి కూడా ఉంటారు. పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న కూతురి సంతకం లేదని దరఖాస్తు ఆగితే మూడు నెలలు ఇట్టే గడుస్తాయి. ఆర్సీ ఒక్క కొడుకు పేరుకు మారినంత మాత్రాన మిగతావాళ్ల వాటా పోదు. బండి విలువ పంపకంలో లెక్కకు వస్తుంది. నామినీ పేరు ముందే రాసి ఉంటే పేరు మార్పు త్వరగా అవుతుంది. ఆర్సీలో ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఇప్పుడైనా ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు.